మిగిలిన రెండు లెక్కలు

మా తమ్ముడి వాటాలో అరుపులు ఆగిపోతే నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కోడంబాక్కంలో మేము మేడ మీద, వాళ్లు కింద. సాయంత్రమైతే చాలు, కింద నుంచి మరదలు భువనేశ్వరి గొంతు, ఆ వెనకే మేనల్లుడు సూర్య ఏడుపు. వాడి చేత హోంవర్కు చేయించే ఆ యుద్ధం విని విని, కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయిన రోజులున్నాయి నాకు. అలాంటిది కొన్నాళ్లుగా కిక్కురుమనడం లేదు. పైగా వంటింటి తలుపు మూసి ఉంటోంది.

భువనేశ్వరి మందుల షాపులో బిల్లులు వేస్తుంది. ఎంత గుంపున్నా కౌంటర్‌లో గొంతు పెంచదని షాపతను తెగ మెచ్చుకుంటాడు. ఆ ఓర్పంతా అక్కడే అయిపోయేదేమో, ఇంటికొచ్చేసరికి చెయ్యి లేచేది. అన్యాయంగా ఏమీ కాదులెండి. నాలుగో తరగతి పిల్లవాడు పుస్తకం తెరిస్తే పెన్సిల్ చెక్కాలి, చెక్కితే దాహం, నీళ్లు తాగితే బాత్రూమ్. లెక్క సగంలో ఉండగా గోడ మీద బల్లి కనిపిస్తే ఇక లెక్క గోవిందా. అన్నిటికంటే పెద్ద బాధ అబద్ధాలు. "ఈరోజు హోంవర్క్ ఇవ్వలేదు మా" అని నిక్షేపంగా చెప్పేవాడు.

ఎగ్మూరులో పిల్లల డాక్టరుకు చూపించారు. ఇది పొగరు కాదు, సోమరితనం కాదు, ధ్యాస నిలవని ఇబ్బంది అని ఆవిడ చెప్పింది. కింద వాళ్లతోనే ఉండే మా అమ్మ తాయారు నమ్మలేదు. "గిరి గాడు చిన్నప్పుడు ఇట్లే ఉన్న్యాడు. వానికి ఏ డాక్టరు పేరు పెట్టినాడు?" అంది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు.

గిరి అంటే నా తమ్ముడే, సినిమా కంపెనీలో ప్రొడక్షన్ పని. షూటింగ్ షెడ్యూలు వేసినట్టు కొడుక్కి టైం టేబుల్ వేసి ఫ్రిజ్‌కు అంటించాడు. స్నానం, చదువు, లెక్కలు, ఆట, అన్నీ గడియారం ప్రకారం. వాడు షూటింగ్ నుంచి ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు, కొడుకు మాత్రం నిమిషం తప్పకూడదట. ఆ కాగితం రెండో రోజుకే అలంకారమైపోయింది. దాంతో వాడికి తిక్కరేగి, ఇంకొక్క అబద్ధం ఆడినా, స్కూలు నుంచి ఇంకొక్క ఫోను వచ్చినా, సూర్యను తిరుపతి దగ్గర హాస్టల్లో వేసేస్తానన్నాడు. ఊరికే అనలేదు, హాస్టలు వాళ్లతో మాట్లాడి సీటు కూడా అట్టిపెట్టించాడు. ఆ రోజు నుంచే భువనేశ్వరి వంటింటి తలుపు మూసుకోవడం మొదలైంది.

మాత్రలేమైనా మింగిస్తోందా? లేక తనే రాసిపెడుతోందా? పెరటి వైపు వెళ్లి, బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ కిటికీలోంచి చూశాను.

సూర్య వంటగట్టు దగ్గర నిలబడి రాస్తున్నాడు. కాళ్లు ఆడుతున్నాయి, కానీ చెయ్యి కదులుతోంది. పక్కనే భువనేశ్వరి మునగాకు దూస్తోంది. నోరు మెదపడం లేదు. దాంతోనే నాకు ఎక్కువ అనుమానమేసింది. గట్టు మీది ఫోన్‌లో అలారం మోగగానే వాడు పరిగెత్తి మేడ మెట్లు ఎక్కి దిగి, మళ్లీ వచ్చి నిలబడ్డాడు. రెండోసారి మోగాక ఆమె పుస్తకం తీసుకుని చివర ఏదో రాసి మూసేసింది. ఇంకా రెండు లెక్కలున్నాయి!

ఉండబట్టలేక లోపలికి వెళ్లిపోయాను.

"ఏంది భువనా ఇది? ముగియకుండానే మూసేస్తావా?"

"టైం అయిపోయింది గదా వదినా. ఇంతవరకు చేసినాడు, నేనే ఆపినాను అని రాసి సంతకం పెట్టేస్తా. వీళ్ల క్లాసు షీబా మిస్‌తో ముందే మాట్లాడుకున్న్యాను."

"తలుపెందుకు?"

"టీవీ వినపడితే వీడి చెవులు ఆడికి పోతాయి." కాస్త ఆగి అంది, "టిఫన్ తినంగానే ఈడ నిలబడాల. అంతే రూలు. అలారం రెండుసార్లు మోగేదాకా, నేను లేటుగా వస్తే ఒక్కసారి చాలు. ఆయన షెడ్యూలు వీడికే కాదు, మాకూ చేతకాలేదు వదినా. అలిసిపోయిన రోజు కూడా నేను చేయగలిగిందే పెట్టుకున్న్యాను."

వినడానికి బాగానే ఉంది. కానీ అరకొర చదువు ఎక్కడైనా చదువవుతుందా? పోయి అమ్మతో చెప్పాను. చెప్పకుండా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

మా తాత జార్జి టౌన్‌లో మిరపకాయల మండీ గుమాస్తా. లెక్క తేలకుండా పుస్తకం మూస్తే ఇంట్లో లక్ష్మి నిలవదని ఆయన నమ్మకం. రాత్రి ఎంతైనా సరే, లెక్క తేల్చి, పుస్తకానికి దణ్ణం పెట్టాకే భోజనానికి లేచేవాడట. ఆయన కూతురు మా అమ్మ. నా మాట విని ముఖం మాడ్చుకుని, "ఇంటికి మంచిది కాదు" అంది, అంతే.

నాలుగు రోజుల తర్వాత స్కూలు నుంచి ఫోను వచ్చింది. తల్లి రెండు లెక్కలు మిగిలాయని రాస్తోంది, పుస్తకంలో చూస్తే అన్నీ చేసి ఉంటున్నాయి, వాడి చేతిరాతలా లేదు, ఎవరి దగ్గర చేయించుకుంటున్నాడో కనుక్కోండి అని. ఆ పూట గిరి ఇంట్లోనే ఉన్నాడు. నేను మెట్లు దిగేసరికి సూర్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరు రాసిచ్చినారు రా?"

"తెలీదు పా. నేను రాయలేదు."

"మళ్లీ అబద్ధం. హాస్టల్‌కు ఫోన్ చేస్తా ఉండా." గిరి ఫోను తీశాడు.

వాడిని నేనూ నమ్మలేదు. ఎన్నిసార్లు నమ్మి మోసపోయాం! భువనేశ్వరి వైపు చూశాను. చెయ్యి లేస్తుందనుకున్నాను. ఆమె వాడి ముందు నేల మీద కూర్చుంది.

"సూర్యా, నేను మూసినాక పుస్తకం తెరిచినావా?"

"లేదు మా."

"సరి. నమ్మినా."

వాడు కాసేపు తల్లిని అనుమానంగా చూశాడు. ఇందులో ఏదో మోసం ఉందన్నట్టే చూశాడు. తర్వాత ఏడుపు మొదలైంది. దెబ్బలు తిన్నప్పుడు కూడా అంతలా ఏడ్చింది లేదు.

నేను పుస్తకం అందుకున్నాను. చివరి లెక్కల్లో ప్రతి ఏడుకూ నడుమన అడ్డగీత ఉంది. ఒకటిలా కనపడకూడదని మండీ లెక్కల్లో వేసే గీత అది. మా ఇంట్లో ఇప్పటికీ అలా వేసేది ఒక్కరే. తిరిగి చూస్తే అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి ఉంది.

"అమ్మా?"

"దినమూ పొద్దున డికాషన్ దిగేలోగా వేసేసినా," అంది అమ్మ నేల చూపులు చూస్తూ. "సగంలో మూస్తే నాకు నిద్ర పట్టలేదు. బిడ్డకు మంచి జరగాలనే గదా."

గిరి ఫోను చొక్కా జేబులో పెట్టేసుకుని, కొడుకు పక్కన కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ తల దించుకోవడం నేను చూడలేదు. కోడలు ఇప్పుడు కడిగిపారేస్తుందని నా భయం.

భువనేశ్వరి ముక్కు తుడుచుకుని లేచింది. "అత్తా, రేపట్నుంచి పుస్తకం మూసేది మీరే," అంది.

మరునాడు నేనూ వంటింట్లోకి వెళ్లాను. అమ్మ నిజంగా మూస్తుందంటే నాకు నమ్మకం లేదు మరి. రెండోసారి అలారం మోగింది. అమ్మ పుస్తకం దగ్గరికి లాక్కుని, అట్ట మీద చెయ్యి పెట్టి, ఎంతసేపటికీ మూయలేదు.

"ఇంకా రెండుండాయే రా," అంది.

"అవి రేపటివి అవ్వా," అన్నాడు సూర్య. "మూసెయ్."

అమ్మ మూసింది. అలవాటుగా పుస్తకాన్ని కళ్లకద్దుకోబోయి, ఆగి, వాడి తల మీద చెయ్యి వేసింది.