కొంగు లేని చీరకు పేరు

గద్వాలలో ఒక చీరల షాపుకు వెబ్‌సైటు చేస్తున్న రోజులవి. ప్రతి వస్తువుకూ పేరు చేత్తో టైపు చేయడమంటే నాకు ఒళ్లు మంట. అందుకే రూల్స్ రాశాను. రంగు, నూలు, అంచు, కొంగు, ఈ గడులు నింపితే చీర పేరు దానంతటదే తయారయ్యేది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పేరు వచ్చేది కాదు. తువ్వాలుకైతే రంగు, పొడవు చాలు.

షాపుకు నేసే పెద్దాయన, చీర మగ్గం మీద సగంలో ఉండగానే పోయాడు. కర్మలయ్యాక ఆయన భార్య దాన్ని కోసి అమ్మకానికి తెచ్చింది. నూలు గుడ్డకు పట్టు అంచు కలిపి నేశాడు. ఎక్కడ కలిసిందో కనపడదు. కొంగు మాత్రం లేదు.

వివరాలు ఎక్కించాను. కొంగు గడి ఖాళీ, పేరు రాలేదు.

"గుడ్డముక్కలల్ల ఏసెయ్యి" అన్నాడు షాపు యజమాని.

గుడ్డముక్కల వర్గానికి ముందే రంగు, నూలు, పొడవు గడులే పెట్టాను. తెర మీద ఇంగ్లీషులో వచ్చిన పేరును ఆమెకు తెలుగులో చెప్పాను: "ఎర్ర నూలు గుడ్డ, మూడు మీటర్లు."

ఆమె గుడ్డ అంచును వేళ్లతో నిమిరింది. "ఆయన పానమంత దీని మీదనే పెడ్తుండె సారూ. గిది ఏడ పాయె?"

నా మీద నాకే కోపమొచ్చింది. ఆ వర్గానికి అంచు గడి చేర్చి మళ్లీ చదివాను: "ఎర్ర నూలు గుడ్డ, పట్టు అంచు, మూడు మీటర్లు."

ఆమె విన్నది. గుడ్డను నెమ్మదిగా మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడు అమ్మబుద్ధి అయితలేదు సారూ."