నైటీల కేటగిరీ మార్చాను

పదేళ్ల కిందట యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ, తార్నాకలో ఒక ఆంటీ కొత్తగా పెట్టిన ఆన్‌లైన్ బట్టల షాపుకి వివరాలు రాసేదాన్ని. నైటీలను ఆమె "రాత్రి దుస్తులు" కేటగిరీలో పెట్టించింది. నెలైనా ఒక్కటీ పోలేదు. నాకు ఒళ్లు మండి, "ఇంట్లో రోజంతా" అని కొత్త కేటగిరీ పెట్టి, వాటిని అందులోకి మార్చాను. కింద ఇలా రాశాను: "పాదాల దాకా పొడవు, పక్కన జేబు. ఎండలో నిలబడ్డా పలుచగా కనిపించదు. పైన చున్నీ వేసుకుని కూరగాయల బండి దాకా వెళ్లొచ్చు."

"గిట్ల రాస్తె పరువు పోతది," అని ఆంటీ కసిరింది. నేను తగ్గలేదు.

పది రోజుల్లో అన్నీ అమ్ముడయ్యాయి. చెబుదామని మిట్టమధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను.

"నువ్ రాసిన గవన్నీ నీకెట్ల తెలిసినయ్?" అంది ఆంటీ, గేటు తీస్తూ. నైటీ మీద చున్నీ, చేతిలో సొరకాయ.