తొంభై సెకన్లలో రెండు ఎడమ చేతులు

ఆ ఇంట్లో కత్తెరలు రెండు. అత్తగారి కత్తెర గుడ్డను కోస్తుంది. కోడలి కత్తెర కంటికి కనబడదు, కంప్యూటర్‌లో వీడియోలను కోస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఈ రెండు కత్తెరలు మాత్రం ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుగులో, ఏళ్ల తరబడి బాగానే ఇమిడాయి. బంధువులు ఆ ఇంటిని 'కత్తెరల కొంప' అని వేళాకోళం చేస్తారు. కోడలు ఆ మాటకు నవ్వేస్తుంది. అత్తగారు మాత్రం "కొంపేంటి, నిక్షేపంలాంటి ఇల్లుంటే" అని మూతి ముడుచుకుంటుంది.

కోడలు ఒకప్పుడు ఒక టీవీ ఛానల్లో ఎడిటింగ్ గదిలో పనిచేసింది. పాప పుట్టాక ఇంటి దగ్గరే కూర్చుని, ఫోన్లో లైవ్‌లు పెట్టే వాళ్లకి చిన్న చిన్న క్లిప్పులు కోసి ఇస్తోంది. వ్యాయామం నేర్పే ఆయనా, కుండీల్లో మొక్కలు పెంచే ఆవిడా, పళ్ల డాక్టరూ ఆమె ఖాతాదారులే. వీళ్లు గంటసేపు ఎడాపెడా మాట్లాడతారు. అందులోంచి తొంభై సెకన్లు ఏరాలి. గంట మాట్లాడటం ఎవడైనా చేస్తాడు, ఏరడంలోనే ఉంది గొడవంతా.

ఆమె ఏరే పద్ధతి కాస్త వింతగా ఉంటుంది. రికార్డింగును మొదట చూడదు, వింటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గిన్నెలు తోముతూనో, బట్టలు మడతపెడుతూనో మొత్తం వింటుంది. ఎక్కడ తన చెయ్యి దానంతటదే ఆగిపోతే అక్కడ సమయం రాసుకుంటుంది. "బొమ్మ చూస్తే కళ్లు మొహమాటపడతాయి. చేతికి మొహమాటం లేదు" అనేది ఆమె వాదన. తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చోట్లు చూస్తుంది. గుర్తు పెట్టిన వాటిలో ముందూ వెనకా తెలియకపోయినా అర్థమయ్యే ముక్క ఏదో, అదొక్కటే నిలుస్తుంది.

ఆ వారం ఆమె చేతికొచ్చిన రికార్డింగు బయటివాళ్లది కాదు, అత్తగారిది.

అత్తగారు ముప్పై ఏళ్లుగా చొక్కాలు కుడుతోంది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి, మిషన్ దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. అందుకని కుట్టు నేర్పాలని పట్టుబట్టింది. వీధి చివర ఉన్న హాలు చూసుకునే ఆవిడ ఒక గది ఇస్తానంది. కాకపోతే తిరకాసు పెట్టింది. ఈ శనివారంలోగా పదిమంది పేర్లిస్తే సరే, లేకపోతే ఆ గది డ్యాన్సు నేర్పేవాళ్లకి పోతుంది. అత్తగారి దగ్గర ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరిలో ఒకరు సొంత మరదలు. ఆదివారం లైవ్ పెట్టింది అందుకే. గంటకు పైగా చొక్కా కత్తిరించడం చూపించింది. చూసినవాళ్లు ఇరవైమంది కూడా లేరు. ఇక మిగిలిన ఆశ అంతా కోడలు కోసే క్లిప్పు మీదే. అత్తగారు అది పైకి చెప్పలేదు గానీ, సోమవారం పొద్దుట్నుంచి కోడలి కుర్చీ చుట్టూ తిరుగుతూనే ఉంది.

"కాలర్ ముక్క పెట్టమ్మాయ్. నా కాలర్‌కి వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు" అంది.

కోడలు అప్పటికే గిన్నెలు తోముతూ అంతా వినేసింది. కాలర్ దగ్గర ఆమె చెయ్యి ఆగలేదు. కానీ అత్తగారి మాట తీసిపారేయడమెలా? కాలర్ భాగంలోంచి తొంభై సెకన్లు కోసి, ముందు గదిలో పేపర్ చదువుకుంటున్న మామగారికి చూపించింది. మామగారు ఎలక్ట్రీషియన్‌గా చేసి మానేసిన మనిషి. దారం, సూది గురించి ఆయనకి తెలిసింది గుండుసున్నా. క్లిప్పులకి ఆయన్ని మించిన పరీక్షాధికారి దొరకడు.

ఆయన చివరిదాకా శ్రద్ధగా చూసి, "బాగుందమ్మా. జేబు చక్కగా కుట్టింది" అన్నారు.

"జేబా! అది కాలరండీ!" వంటింట్లోంచి అరుపు వినబడింది.

"కాలరని ఎక్కడా చెప్పలేదుగా మరి."

నిజమే. ఆ మాట అంతకు ముందెప్పుడో చెప్పింది. లైవ్ మొదట్నుంచీ చూసినవాళ్లకి తెలుస్తుంది, మధ్యలో ఊడిపడ్డవాళ్లకి తెలియదు.

అప్పుడు కోడలు తన చెయ్యి ఆగిన ముక్క పెట్టింది. అందులో అత్తగారు కత్తిరించిన రెండు చేతుల గుడ్డల్నీ ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. రెండిటి పూలూ పైకే ఉన్నా అంచులు కలిసిపోతాయి, అలా కలవకూడదు. వాటిని చూసి ఆవిడ బిగుసుకుపోతుంది. నాలుగు క్షణాలు మాట లేదు, ఫ్యాను చప్పుడొక్కటే. ఆ తర్వాత "ఓసినీ! రెండూ ఎడమ చేతులే కోశాను కదే!" అని పకపకా నవ్వుతుంది. నవ్వుతూనే జరిగింది చెబుతుంది. పూల గుడ్డకి ముఖం వేరు, వెనక వేరు. కొలత కాగితాన్ని రెండోసారి తిరగేసి పెట్టాలి, మాటల్లో పడి తిరగేయలేదు. మిగిలిన గుడ్డ మీద కాగితాన్ని అటూ ఇటూ జరిపి, "ఇదిగో, ఈ మూల ఒక్కటీ చాలట్లేదు. ఇక్కడ చిన్న ముక్క అతికితే అతుకు చంక కిందకి పోతుంది. చెయ్యి పైకెత్తి చూపిస్తే తప్ప ఎవడికీ తెలియదు" అంటుంది. కుడి చెయ్యి అచ్చు సరిగ్గా కుదురుతుంది. అంతా కలిపి తొంభై సెకన్లు, మధ్యలో కోయాల్సింది కూడా ఏమీ లేదు.

మామగారు పేపర్ పక్కన పడేసి విరగబడి నవ్వారు. "రెండూ ఎడమ చేతులే! నువ్వా!"

అత్తగారి మొహం మాడిపోయింది. "అది బయట పెట్టావంటే నేను మళ్లీ ఆ ఫోను ముందు కూర్చోను. నేర్చుకోవడానికి రమ్మని పిలుస్తూ, నాకే రాదని చాటింపు వేస్తామా? ఉన్న పరువు కాస్తా గంగలో కలుస్తుంది" అని లోపలికి వెళ్లిపోయింది.

కోడలికి కోపం రాలేదు, భయం వేసింది. ఇది పెడితే అత్తగారి మనసు విరుగుతుంది. పెట్టకపోతే గది పోతుంది. రెండూ చూసుకుందామని మధ్యేమార్గంగా కాసేపు కాలరూ, కాసేపు చేతులూ కలిపి అతికింది. పాము చావలేదు, కర్రా విరగలేదు. తనకే నచ్చక చెరిపేసింది.

మధ్యాహ్నం మరోసారి ఆ చోటు తెరిచి, ఈసారి పక్కన వచ్చిన కామెంట్లు కూడా చదివింది. లైవ్ నడుస్తున్నప్పుడు అత్తగారు గుడ్డ మీద నుంచి చూపు తిప్పదు, కాబట్టి అవేవీ ఆవిడ కంటపడలేదు. మిగతా గంటంతా 'బాగుంది', 'నమస్తే' తప్ప ఏమీ లేవు. ఈ తొంభై సెకన్లలో మాత్రం పొలోమని వచ్చాయి. వాటిలో ఒకటి చదివి కోడలు లేచి వెళ్లి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"అలిగింది చాలు గానీ, ఇది చదవండి అత్తయ్యా."

ఎవరో ఒకావిడ రాసింది: 'నేను కూడా మా బాబు చొక్కాకి ఇలాగే రెండూ ఒకవైపువే కోశాను. అందరూ నవ్వారు. గుడ్డ పారేశాను. ఆ తర్వాత మిషన్ ముట్టుకోలేదు.'

అత్తగారు అది రెండుసార్లు చదివింది. "అయ్యో, పారేసిందా! ముక్క అతికితే సరిపోయేదిగా. ఆ మాట చెప్పేవాళ్లు ఒక్కరు కూడా లేకపోయారా ఆ పిల్లకి?" అంది. "సరే, పెట్టు. నవ్వేవాళ్లు నవ్వుతారు."

ఇక మిగిలింది మొదటి మాట. క్లిప్పు ఎంత బాగున్నా మొదటి మూడు క్షణాల్లో పట్టుకోకపోతే జనం బొటనవేలితో పైకి తోసేస్తారు. లైవ్‌లో అలాంటి మాట లేదు, ఉండదు కూడా. అది తర్వాత విడిగా చెప్పించి ముందు అతకాలి. కోడలు వృత్తి ధర్మం కొద్దీ గబగబా రాసింది: 'ఈ ఒక్క తప్పు చేశారంటే మీ గుడ్డ చెత్తబుట్టలోకే!'

అత్తగారు కళ్లెర్రజేసింది. "చెత్తబుట్టలోకి పోలేదుగా? బాగు చేసి చూపించాను కదా? ముందు భయపెట్టి తర్వాత కాదంటావా? నోరు తెరవగానే అబద్ధమా?"

కోడలికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఎదుటివాళ్లని భయపెట్టి ఆపడం చేతికి అంతగా అలవాటైపోయిందని ఆ మాటతో తెలిసి సిగ్గుపడింది. "పోనీ మీరే చెప్పండి. రాయను, మీ నోటికొచ్చిందే తీస్తాను" అంది.

తియ్యడం కూడా అంత తేలిక కాలేదు. ఆదివారం నాటి బట్టలే ఉండాలి, లేకపోతే అతుకు తెలుస్తుంది. అవేమో ఉతికి ఆరేసి ఉన్నాయి. అత్తగారు చెమ్మగా ఉన్న బట్టలే కట్టుకుని వణుకుతూ వచ్చింది. మెళ్లో టేపు వేసుకుంది. కిటికీ ఎండ ఆదివారంలాగే బల్ల మీదకి వచ్చేదాకా ఆగారు. ఫ్యాను కూడా తిరగాల్సిందే, ఆ చప్పుడు వెనక లేకపోతే చెవికి తేడా తెలుస్తుంది. "తడి బట్టల మీద ఫ్యానా? జలుబు చేస్తే మందులు మీ ఆయన్ని తెమ్మను" అని సణుగుతూ కూర్చుంది. కుట్టేసిన చొక్కాకి అక్కర్లేక మిగిలిపోయిన రెండో ఎడమ చెయ్యిని పట్టుకుని ఫోను వైపు చూసింది. అంతకు ముందెప్పుడూ అలా సూటిగా చూడలేదు.

"రెండూ ఎడమ చేతులే కోశావా అమ్మా? పారేయకు. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను, మొన్న నేనూ అదే చేశాను."

కోడలు రెండోసారి చెప్పించలేదు. మాట ముగిసిన చోటే కోసి, చేతులు పరిచే దగ్గర అతికింది. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దాన్ని మాత్రం ఏ ఖాతాదారుకైనా తీసేసేదే, ఇక్కడ అలాగే ఉంచింది. కింద తరగతుల వివరం రాసి మంగళవారం సాయంత్రం పెట్టింది.

చూసినవాళ్లు లక్షలేమీ కాదు. కానీ చూసినవాళ్లు ఊరుకోలేదు. ఒకావిడ కాలర్ తలకిందులుగా కుట్టానంది. ఇంకొకావిడ మొగుడి ప్యాంటుకి రెండు కాళ్లూ కలిపి కుట్టేశానంది. ఒకాయన గుండీల కాజాలు రెండు వైపులా కోశానన్నాడు. అత్తగారు ఒక్కొక్కటీ పైకి చదువుతూ, "అయ్యో పాపం, దానికీ మందుంది" అంటూ ఒక్కొక్కరికీ జవాబు చెప్పించింది. గురువారానికి హాలావిడకి ఇవ్వాల్సిన పదిలో తొమ్మిది పేర్లు వచ్చాయి. శుక్రవారమంతా ఫోను మోగలేదు. అత్తగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

శనివారం పొద్దున్న ఒక కామెంటు వచ్చింది. మిషన్ ముట్టుకోవడం మానేసిన ఆవిడే రాసింది: 'నాతోనే మాట్లాడినట్టుందండి. మిషన్ మీద దుమ్ము తుడిచాను. నన్ను కూడా చేర్చుకుంటారా?'

కోడలు గట్టిగా చదివి ఫోను అత్తగారి చేతికిచ్చింది. "పదో పేరు. మీరే జవాబు రాయండి టీచరుగారూ" అంది.

అత్తగారు ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసింది.

"నువ్వే రాయమ్మా. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. రమ్మను, తప్పకుండా రమ్మను. ముందు వరసలో కూర్చోమను."