మా బిడ్డ శిక్షణ ఒప్పందంలో నేనడిగిన కొసరు

గద్వాలలో గిన్నెల దుకాణం మాది. చెప్పిన ధరకు తలూపితే కన్న అబ్బా కూడా అన్నం పెట్టడన్న భయంతో పెరిగినదాన్ని. బేరం కుదిరినంక కూడా ‘గరిటె కలుపు’ అని కొసరు అడిగేటోళ్లను రోజూ చూసి, అడగడం నేనూ నేర్చిన. నా పెళ్లిలో ఖాజీసాబ్ దగ్గర కూడా ఏదో ఒకటి కలపమని అడిగేదాన్నేమో, అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకోకుంటే.

మా బిడ్డ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతుండె. ఆఖరి ఏడు ఆరు నెలలు కంపెనీలో శిక్షణ. అది పూర్తి కాకుంటే డిప్లొమా చేతికి రాదు. వనపర్తిలో ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే ఒక వర్క్‌షాపు తీసుకుంటమన్నది. విద్యార్థి, కాలేజీ, కంపెనీ ముగ్గురూ సంతకాలు చేసే ఒప్పందం ప్రతులు పట్టుకొని ఇద్దరం పోయినం. ముందు కంపెనీ, తర్వాత కాలేజీ, చివరికి బిడ్డ సంతకం పెట్టాలె.

షెడ్డు చూస్తానని మా బిడ్డ లోపలికి పోయింది. నేను మేనేజర్ ముందు కూర్చొని కాగితం చదివిన. కాయిల్ చుట్టుడు, నూనె పరీక్ష, లోపం పట్టుడు నేర్పిస్తమని కంపెనీ రాసింది. నేర్పించే మనిషి పేరు కూడా ఉంది. వేరే చాకిరీ చేయించబోమని ఉంది. తమ లెక్చరర్ వచ్చి చూస్తుందని, మార్కులు వేస్తుందని కాలేజీ. టైముకు వస్తా, రోజూ చేసిన పని డైరీలో రాస్తా, కంపెనీ లోపలి సంగతులు బయట చెప్పనని విద్యార్థి.

అంతా బాగుంది. బాగుంటే నాకు చెయ్యి ఊరుకోదు.

“సార్, ఆడపిల్ల. కాయిల్, నూనె ఎందుకు? జర ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి” అన్న.

“మాకేం ఇబ్బంది అక్కా. లెక్కలు రాసే మనిషి కావాల్నే.”

ఆయన కాయిల్ వరుస కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టిండు. అడిగిన నోటికి ఇంత తొందరగా దొరికిందంటే సరుకులో ఏదో లోటుంటదని నాకు తెలిసే ఉండాలె. బస్సంతా గెలిచిన మొహంతో వచ్చిన. తర్వాత చెప్పొచ్చులే అని బిడ్డకు చెప్పలే.

మరునాడు కాలేజీలో లెక్చరర్ మేడం ఆ పేజీ దగ్గర ఆగింది.

“ఇది ఎవరు కొట్టేశారమ్మా?”

“నేనే మేడం. కంపెనీ ఒప్పుకుంది.”

“ఒక్కరు ఒప్పుకుంటే కాదు. మార్పు ఉంటే ముగ్గురూ సంతకం పెట్టాలె. నేను పెట్టను. కాయిల్ పనికే నేను మార్కులు వేసేది. అది తీసేస్తే నేను వచ్చి ఏం చూడాలె? ఆమె డైరీలో ఏం రాయాలె? కంపెనీ మాట మీద నా మాట, నా మాట మీద ఆమె మాట నిలబడ్డయి.”

మా బిడ్డ ఆ కొట్టేసిన గీతను చూసింది.

“అమ్మీ, నన్ను తీసేసి నా కుర్చీని పంపుతున్నవా? లెక్కలు రాయడానికైతే మన దుకాణమే ఉండె గదా.”

నేను తేరుకొని, “సరే, నా సంతకం ఎక్కడ? నేను పెట్టి రాజీ చేస్తా” అన్న.

“మీది అవసరం లేదమ్మా. ఆమె మేజర్. ముగ్గురిలో ఆమె ఒకరు.”

కాగితం తిప్పి చూసిన. నిజంగనే నాకు చోటు లేదు. కింద మూడు గీతలే. ఒకటి పెద్ద కాలేజీది, ఒకటి కంపెనీది, మధ్యల మొన్నటిదాకా నా కొంగు పట్టుకున్న పిల్లది. మూడూ ఒకటే పొడుగు. దుకాణంలో ఎన్ని బేరాలు చూసినా, ఒకరి లాభం ఇంకొకరి నష్టం కానిది నేను ఎరగను. ఇక్కడ ముగ్గురు కూడి ఒక పిల్ల పని నేర్వాలని మాట ఇచ్చుకుంటున్నరు. కాగితం మేడం చేతికి ఇచ్చేసిన.

మేడం మేనేజర్‌కు ఫోన్ చేసింది. “కాయిల్ పని ఉంటేనే పంపుతం సార్, లేకుంటే వేరే చోటు చూసుకుంటం.” ఆయన కొంచెంసేపు గొణిగి ఒప్పుకుండు. కొత్త ప్రతులు తీసినరు. మా బిడ్డ కూర్చొని మొదటి నుంచి చదివింది.

“మేడం, నేర్పించే సార్ సెలవులో ఉంటే నేను ఎవరి దగ్గర నేర్వాలె?”

మేడం తల ఎత్తి చూసింది. “అది రాయలే కదా. ఇంకో పేరు రాయమంటా.” మళ్లీ ఫోన్ చేసి రాయించింది, ఈసారి కాలేజీ సంతకం ముందే పెట్టి ఇచ్చింది.

నేను నేర్పని బేరం అది.

వనపర్తిలో మేనేజర్ ఈసారి మొత్తం చదివి సంతకం పెట్టిండు. మా బిడ్డ పెట్టాల్సిన చోట పెట్టింది, తొందర లేకుండా. అప్పుడు ఆయన మూలకున్న రబ్బరు చేతి తొడుగులు తీసి ఇచ్చిండు. ఆమె వేసుకుంటే వేళ్ల చివర ఖాళీ వేలాడుతుండె.

“రక్షణ సామాన్లు సరిపోయేటియి ఇస్తమని రాసినం” అని తనకు తాను చెప్పుకున్నట్టు అని, లోపలికి కేకేసిండు. “సోమవారం లోపల చిన్న సైజువి తెప్పియ్యి. అవి వచ్చేదాక ఈ అమ్మాయిని కరెంటు దగ్గరికి పోనియ్యొద్దు.”