పిల్లలు ఎందుకు నవ్వారు?

సత్యవాణి గారు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా రైల్లో వెళ్లి, అక్కడి బీఈడీ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఇరవై రెండేళ్లుగా అదే ప్యాసింజరు, వీలైతే అదే కిటికీ పక్క సీటు. బడుల్లో ఇంటర్న్‌షిప్ చేసే విద్యార్థులు తమ పాఠాల గురించి రోజూ రాయాల్సిన ఆలోచనా పత్రికలను ఆవిడ ఆ సీట్లోనే దిద్దుతారు. ఎర్ర పెన్ను తీస్తే ఎదుటి సీటువాళ్లు కూడా కాస్త సర్దుకుని కూర్చుంటారు.

ఆ వారం రత్నమాణిక్యం పత్రిక చేతికొచ్చింది. ఆకివీడు పిల్ల, వాళ్ల నాన్నకి చేపల చెరువులున్నాయి. ఆ దగ్గర్లోని హైస్కూల్లోనే ఆరో తరగతికి లెక్కలు చెబుతోంది. పత్రిక చూస్తే పెళ్లి శుభలేఖలా ఉంది. పేజీ చుట్టూ స్కెచ్ పెన్నుతో తీగలు, తేదీకో రంగు. తొమ్మిదింటికి ప్రార్థన, పదింటికి పాఠం, మధ్యాహ్నం గుడ్డు. గుడ్డు కాస్త చిన్నదని ఒకరోజు ప్రత్యేకంగా రాసింది కూడా. ప్రతి పాఠమూ "విద్యార్థులు ఆసక్తిగా విన్నారు" అనే ముగిసింది.

మార్కులు ఇరవై. జరిగింది చెప్పినందుకు నాలుగు, అలా ఎందుకు జరిగిందో తరచి చూసినందుకు ఎనిమిది, దానివల్ల తన ఆలోచన ఏం మారిందో, రేపు ఏం చేస్తుందో చెప్పినందుకు ఎనిమిది. సత్యవాణి గారు మొదటిదానికి నాలుగూ ఇచ్చేశారు. మిగతా రెండిటికీ కలిపి మూడు. పేజీల కింద మూడు చోట్ల "లోతు లేదు" అని రాసి, భీమడోలు దాటేలోపే పుస్తకం మూసేశారు.

మర్నాడు రత్నమాణిక్యం స్టాఫ్ రూముకొచ్చింది.

"ఏడేనాండి మేడమ్? ఒక్క రోజూ వదల్లేదండీ. తీగలకే రెండు ఆదివారాలు పట్టిందండీ."

"తీగలు బాగున్నాయమ్మా. ఇంటర్న్‌షిప్ ఇంకా రెండు వారాలుందిగా, మళ్లీ రాసి తీసుకురా. చూస్తాను."

నాలుగు రోజుల్లో అదే పుస్తకం వెనక పేజీల్లో రాసి తెచ్చింది. ఈసారి తీగలు లేవు. ప్రతి పేజీ చివరా "ఈ అనుభవం నాలో లోతైన ఆత్మపరిశీలన కలిగించింది" అని ఉంది. గుడ్డు తిన్నరోజు కూడా కలిగింది.

సత్యవాణి గారికి నవ్వు ఆగలేదు. "ఆత్మపరిశీలన రోజూ ఒకే టైముకి వస్తోందేమ్మా? మన ప్యాసింజరుకి కూడా అంత పంక్చువాలిటీ లేదు."

పిల్ల ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. "మీరు కూడా మూడు చోట్ల 'లోతు లేదు' అని రాశారండి. ఎక్కడ లేదో, ఎందుకు లేదో రాయలేదు కదండీ. నేనెలా తవ్వనండి?"

సత్యవాణి గారు పుస్తకంలో ముందు పేజీలు తెరిచి తను రాసింది తనే చదువుకున్నారు. పిల్ల చెప్పింది నిజమే. ఇరవై రెండేళ్లలో ఆ ముక్క ఎంతమంది పుస్తకాల్లో రాసి ఉంటారో తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది. రాసిన మూడు చోట్లా కొట్టేశారు. తర్వాత ఒక వాక్యం దగ్గర వేలు పెట్టారు. "వైశాల్యం లెక్క చెప్పగానే పిల్లలు నవ్వారు. పాఠం ఆనందంగా సాగింది."

"ఎందుకు నవ్వారమ్మా?"

"సరదాగా ఉండబట్టేనండి..."

"నీకెలా తెలుసు? అడిగావా?"

అడగలేదు. సత్యవాణి గారు పక్కన అదే ప్రశ్న ఎర్రసిరాతో రాసి, పుస్తకం చేతికిచ్చారు.

వారం తర్వాత వచ్చిన పేజీలో కొట్టివేతలే ఎక్కువ.

"ఈరోజు అడిగాను. 'ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న చేపల చెరువు అన్నారు కదండీ టీచర్, అది అయిదు సెంట్లేనండి! అంత చిన్న చెరువు ఎవరు తవ్వుతారండి?' అన్నాడు దత్తసాయి. నేను చెరువు గట్టు మీద పెరిగినదాన్ని. ఆ లెక్క రాసేటప్పుడు నాకే తట్టలేదు. టీచరు మాట పుస్తకంలా ఉండాలనుకుని, నాకు తెలిసిందంతా క్లాసు బయటే వదిలేస్తున్నాను. వాళ్లు నవ్వింది ఆనందంతో కాదు, నా లెక్క మీద. రేపు వాళ్ల చెరువుల కొలతలే అడుగుతాను."

ఆ మర్నాటి పేజీలో, పిల్లలు ఎకరాల చెరువుల కొలతలు తెచ్చారనీ, క్లాసంతా మాట్లాడిందనీ, అయినా ముగ్గురు పొడవూ వెడల్పూ కూడేశారనీ ఉంది. అంతటితో ఆపేసింది.

సత్యవాణి గారు ఆ పేజీని రెండుసార్లు చదివారు. రైలు గూడెం స్టేషన్లో ఆగిందని పక్కావిడ భుజం తట్టి చెప్పాల్సి వచ్చింది.

ఈసారి పదిహేను వేశారు. రత్నమాణిక్యం మార్కు చూసుకుని సంతోషపడింది. వెంటనే, "ఆ అయిదూ ఎక్కడ పోయాయండీ?" అంది.

"కింద రాశానమ్మా, చదువుకో."

కింద ఎర్రసిరాతో ఇలా ఉంది: "ఆ ముగ్గురూ ఎందుకు కూడారు? గుణించాలని మర్చిపోయారా, లేక వైశాల్యమంటే గట్టు చుట్టూ నడిచే దూరమే అనుకుంటున్నారా? కనుక్కుని నాకూ చెప్పు."