ఫోన్ చెప్పిన కాల్షియం

మా అత్తమ్మ మాత్రలన్నీ షీట్లలోంచి తీసి ఒకే డబ్బాలో పోసుకుంటుంది. ఆదివారం మా ఇంట్లో చర్చివాళ్ల ఆరాధన అయ్యాక మా మూడేళ్ల పాప అందులోంచి ఒకటి మింగేసింది.

అలాంటిదే ఇంకో తెల్లమాత్రకు సంఘపెద్ద ఫోన్‌తో ఫొటో తీసి, యాప్‌లో వచ్చిన పేరు చూసి, "కాల్షియమే, పరేషాన్ గాకమ్మా" అని తీర్పిచ్చాడు. లేఖనాన్ని సందర్భంతో చదవాలని మాకు బోధించేది ఆయనే!

పాపనెత్తుకుని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది మందుల షాపుకు పరుగెత్తి, జరిగింది చెప్పాను.

"తెల్లగోలీలు ఫొటోల అన్నీ ఒక్కతీరే ఉంటయక్కా. షీటు లేదా? ఇంట్ల ఎవరికన్న షుగరుందా?" అన్నాడు ఫార్మసిస్టు.

"అత్తమ్మకుంది."

"అయితే ఆగకుండ్రి. షుగర్ గోలీ ఒక్కటైనా పిల్లకు డేంజరే. దవాఖానకు పోండ్రి, పోతపోత పాయిజన్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యుండ్రి."

దవాఖానలో చూస్తే పాపకు చక్కెర పడిపోతోంది. గ్లూకోజ్ ఎక్కించి, మర్నాటి దాకా కనిపెట్టి చూసి పంపారు.

సంఘపెద్ద వచ్చి, దేవుడే కాపాడాడన్నాడు. నిజమే, ఆయన తీర్పు నుంచి.