బుచ్చవ్వ తాగని నీళ్లు

బుచ్చవ్వది రాయికల్. బుద్ధి తెలిసినప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. వాకిట్లో జారిపడి తుంటి విరిగి, జగిత్యాలలో మా ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో పడుకుంది. కోడలికి చంటిపిల్ల కాబట్టి కొడుకు సామేలు వచ్చి తోడుగా ఉన్నాడు. రోగి సమస్య, దాని కారణం, రుజువు, చేయాల్సిన సేవ రాసే కేర్ ప్లాన్, నర్సింగ్ మొదటి సంవత్సరంలో నేను మొదటిసారి రాసింది ఆమె మీదే.

అవ్వకు నాలుగు రోజులుగా విరేచనం లేదు. పొట్ట ఉబ్బింది, ముద్ద మింగడం లేదు. నేను గొప్పగా రాసేశాను: "మలబద్ధకం, తుంటి ఎముక విరగడం వల్ల." అబ్బో, ఎంత మురిసిపోయానో!

మా ట్యూటర్ ప్రేమలత మేడం చదివి కళ్లజోడు తీసింది.

"సమస్య సరే. కారణం కాడ డాక్టర్ రాసిన జబ్బు పేరు ఎత్తుకొచ్చి పెట్టినవ్. విరిగిన బొక్కను నువ్వు అతికిస్తవా శ్రీజా? నర్సు చెయ్యి పెట్టగలిగే కారణం కావాలె. మరి రుజువేది? అవ్వ కాడికి పో, అడుగు, చూడు."

ఒళ్లు మండింది. అయినా పోయాను. అవ్వ పెదాలు పగిలి ఉన్నాయి. పొద్దున పెట్టిన నీళ్ల సీసా మూత కూడా తీయలేదు.

"నీళ్లు తాగుతలేవా అవ్వా?"

"దూప అయితలేదు బిడ్డా."

సామేలు చాయ్ తాగడానికి బయటికి పోయాక నా చెయ్యి పట్టుకుంది.

"కొడుకు ముంగట బెడ్‌పాన్ ఎట్ల అడుగుదు బిడ్డా? సిగ్గయితది. వచ్చినా ఆపుకుంటున్న. నీళ్లు తాగకుంటె ఆ బాధే లేదు కదా. ఇప్పుడు ముక్కినా వస్తలేదు."

అయ్యో, ఇంత చిన్న సిగ్గు కోసం ఎంత నరకం పడుతోంది! నా కోపమంతా ఎటు పోయిందో. మళ్లీ రాశాను: "మలబద్ధకం. నీళ్లు తక్కువ తాగడం, బెడ్‌పాన్ అడగలేక ఆపుకోవడం వల్ల. నాలుగు రోజులుగా విరేచనం లేకపోవడం, పొట్ట ఉబ్బి గట్టిగా ఉండటం, ముక్కినా రావడం లేదని ఆమె చెప్పడం ఇందుకు రుజువు."

మేడం తల ఊపింది. "ఇప్పుడు ఏం చెయ్యాలెనో నువ్వు రాసిన కారణమే చెప్తది. పో."

నీళ్లు ఎక్కువ ఇవ్వవచ్చునో లేదో డ్యూటీ సిస్టర్‌ను అడిగాను. ఇవ్వమంది. గ్లాసు గ్లాసుగా తాగించాను. బతిమాలి రెండు ముద్దలు తినిపించిన కాసేపటికి సామేలును బయట కూర్చోమని, మంచం చుట్టూ తెర లాగి, అడగకముందే బెడ్‌పాన్ పెట్టాను. సామేలు పాపం, "నాకు ఎరుకే లేదు సిస్టర్" అని తల వంచుకున్నాడు.

మొదటి రోజు ఏమీ కాలేదు. నాకు ఏడుపొచ్చింది. రెండో రోజు విరేచనం అయింది. ఆ మధ్యాహ్నం అవ్వ పప్పన్నం కలిపి తింటుంటే ప్రేమలత మేడంకు మనసులోనే దండం పెట్టుకున్నాను. అవ్వకు కూడా. ఆమె సిగ్గు విడిచి చెప్పకపోతే నేనేం రాసేదాన్ని?

మరునాడు వార్డు నిండా చుట్టాలు ఉండగా వెనక నుంచి అవ్వ పెద్ద కేక.

"ఓ శ్రీజా! తెర గుంజు బిడ్డా, జల్ది!"




సామేలు నవ్వుకుంటూ తనే లేచి బయటికి నడిచాడు.